బీఎస్సీ నర్సింగ్ సర్టిఫికెట్ల జర్మన్ అనువాదం: మార్కులు, సబ్జెక్టుల పేర్లు ఎలా రాయించుకోవాలి

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి. బీఎస్సీ నర్సింగ్, 2019 బ్యాచ్. జర్మనీలో నర్సుగా గుర్తింపు కోసం సర్టిఫికెట్లు అనువాదానికి ఇచ్చాను. డ్రాఫ్ట్ వచ్చింది. మార్కుల కాలమ్ మీద "నోటె" అని ఉంది. వాటిని జర్మన్ గ్రేడ్లలోకి మార్చమని అడగాలా? సబ్జెక్టుల పేర్లు అక్కడి నర్సింగ్ కోర్సులో ఉన్నట్టే పెట్టించుకుంటే గుర్తింపు తొందరగా వస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? స్టాంపు వేసేలోపు చెప్పాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

మార్కులను జర్మన్ గ్రేడ్లలోకి మార్పించొద్దు. సబ్జెక్టుల పేర్లను అక్కడి కోర్సులో ఉన్నట్టు దిద్దించొద్దు. కానీ డ్రాఫ్టును ఇప్పుడున్నట్టుగానే ఒప్పుకోవద్దు కూడా. ఆ "నోటె" అన్న మాట తప్పకుండా మారాలి. నేను తిరుపతిలో జర్మన్ నేర్పుతూ, వెళ్ళే నర్సుల ఫైళ్ళలో అనువాదాలు సరిచూస్తుంటాను. నాకు కనిపించిన చిక్కుల్లో ఎక్కువ భాగం మార్కుల దగ్గర కాదు, సబ్జెక్టుల పేర్లు, గంటల దగ్గర వచ్చినవే. అందుకే మార్కుల సంగతి ముందు తేల్చేసి, సబ్జెక్టుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

మీ కాగితాలను అక్కడ చదివేది ఎవరో ముందు తెలుసుకోండి. నర్సు ఉద్యోగానికి గుర్తింపు ఇచ్చేది ఆ రాష్ట్రపు అధికార కార్యాలయం. ఉదాహరణకు బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో స్టుట్‌గార్ట్‌లో ఉంటుంది. అక్కడి అధికారి మీ చదువును జర్మన్ నర్సింగ్ శిక్షణతో పోల్చి చూస్తారు. ఆ శిక్షణలో కనీసం 2100 గంటల తరగతి బోధన, 2500 గంటల ప్రాక్టికల్ ఉండాలని నిబంధన. మీకు అనాటమీలో 58 వచ్చిందా 81 వచ్చిందా అన్నది ఆ పోలికలో దాదాపు లెక్కలోకి రాదు. పాసయ్యారా, ఏం చదివారు, ఎన్ని గంటలు, ఏ వార్డుల్లో పనిచేశారు అన్నదే వాళ్ళకు కావాలి.

ఇక "నోటె" సంగతి. జర్మన్‌లో నోటె అంటే గ్రేడు. వాళ్ళ లెక్కలో 1 అన్నిటికన్నా మంచిది, యూనివర్సిటీల్లో 4 దాకా పాస్, 5 అంటే ఫెయిల్. అలాంటి చోట "నోటె 65" అని రాస్తే చదివేవాళ్ళకు అర్థమే ఉండదు. మన మార్కులకు సరిపోయే మాట "పుంక్టె", అంటే పాయింట్లు. వచ్చిన మార్కులు, గరిష్ఠ మార్కులు, పాస్ కావడానికి కావలసిన కనీస మార్కులు అని మూడు వేర్వేరు శీర్షికలు ఉండాలి. గరిష్ఠ మార్కులు లేకుండా 65 అని ఒంటరిగా ఉంటే అది వందకా, నూట యాభైకా అన్నది ఎవరికీ తెలియదు. ఇంటర్నల్, యూనివర్సిటీ పరీక్ష మార్కులు మెమోలో విడివిడిగా ఉంటే అనువాదంలోనూ విడివిడిగానే ఉండాలి. వాటిని కలిపి ఒకే అంకె చేయించుకోవద్దు.

కనీస మార్కుల కాలమ్‌ను చాలామంది అనవసరం అనుకుంటారు. రేపు మీరు అక్కడ మాస్టర్స్‌కు అప్లై చేస్తే దాని విలువ తెలుస్తుంది. అక్కడి యూనివర్సిటీలు విదేశీ మార్కులను మార్చుకోవడానికి సాధారణంగా వాడే లెక్క ఇది:

```
x = 1 + 3 × (Nmax − Nd) / (Nmax − Nmin)
```

ఇందులో `Nmax` గరిష్ఠ మార్కులు, `Nmin` పాస్ మార్కులు, `Nd` మీకు వచ్చినవి. మీకు మొత్తం మీద 68 శాతం వచ్చిందనుకుందాం. బీఎస్సీ నర్సింగ్‌లో ఇంగ్లీషు తప్ప మిగతా పేపర్లకు పాస్ మార్కు 50. ఆ లెక్కన గ్రేడు 2.92 వస్తుంది. పాస్ మార్కు కాగితంలో కనిపించక, మామూలు డిగ్రీలాగా 40 అని వేసుకుంటే అదే 68 శాతానికి 2.6 వస్తుంది. ఆ తేడాతో సీటు దక్కొచ్చు, పోవచ్చు. అయితే ఈ లెక్క వెయ్యాల్సింది యూనివర్సిటీ. అనువాదకులు వెయ్యకూడదు. వాళ్ళు మార్చి రాస్తే అది అనువాదం కాదు, మదింపు అవుతుంది. ఒరిజినల్‌లో 65 ఉండి అనువాదంలో 3.1 ఉంటే అధికారి రెండింటినీ పోల్చి చూసుకోలేరు, కాగితం వెనక్కి రావచ్చు.

"ఫస్ట్ క్లాస్", "డిస్టింక్షన్" అన్న మాటలను ఒరిజినల్‌లో ఉన్నట్టే కోట్‌లలో ఉంచి, పక్కన అక్షరార్థం రాయించండి. ఒక్క జర్మన్ మాటే పెడితే "క్లాసె" అన్నది బడిలోని తరగతిగా అర్థం కావచ్చు. "డిస్టింక్షన్"కు వాడే "ఔస్‌త్సైష్నుంగ్" అన్న మాట అక్కడ చాలా అరుదైన అత్యున్నత ఫలితానికి వాడేది. మన మెమోలో అది 75 శాతానికే వస్తుంది. కాబట్టి ఒరిజినల్ మాట కనపడుతూ ఉండటమే నిజాయితీగా ఉంటుంది. మెమో వెనక వైపు మార్కుల వివరణ, క్లాసుల పరిమితులు ముద్రించి ఉంటే ఆ పేజీని కూడా స్కాన్ చేసి పంపండి. ముందు వైపు మాత్రమే పంపడం వల్ల ఆ వివరణ అసలు అనువాదంలోకే రాని ఫైళ్ళు చాలా చూశాను.

సెకండ్ ఇయర్ మెమోలో ఒక వరుస ఇలా ఉందనుకుందాం. మెడికల్ సర్జికల్ నర్సింగ్ ఒకటి, బ్రాకెట్లో అడల్ట్ ఇంక్లూడింగ్ జెరియాట్రిక్స్. థియరీ ఇంటర్నల్ 25కి 18, యూనివర్సిటీ పరీక్ష 75కి 47, మొత్తం 65. ప్రాక్టికల్ 50కి 38, 50కి 40, మొత్తం 78. ఫలితం దగ్గర "పి" అన్న ఒక్క అక్షరం. దాన్ని ఇలా రాయించుకోవచ్చు:

```
Internistische und chirurgische Pflege I
  (Erwachsene, einschl. Geriatrie)
Theorie: 65 von 100 Punkten (intern 18/25, Universität 47/75)
Praxis: 78 von 100 Punkten (intern 38/50, Universität 40/50)
Mindestpunktzahl: je 50
Ergebnis: bestanden
```

కనీస మార్కుల వరుస మెమోలో ముద్రించి ఉంటేనే ఇలా లోపల రాయాలి. అది యూనివర్సిటీ నిబంధనల కాగితంలో విడిగా ఉంటే ఆ కాగితాన్నే అనువాదానికి కలపండి. మెమోలో లేని అంకెను అనువాదకులు సొంతంగా చేర్చకూడదు.

పై వరుసలో సబ్జెక్టు పేరు చూడండి. మీ డ్రాఫ్టులో బహుశా "మెడిట్సీనిష్ షిరుర్గిషె ఫ్లేగె" అని ఉండి ఉంటుంది. అది మాటకు మాట పెట్టిన పేరు. మన "మెడికల్" వార్డు అంటే జనరల్ మెడిసిన్ వార్డు కదా, దానికి జర్మన్‌లో "ఇన్నెరె మెడిట్సీన్" అంటారు. ఊరికే "మెడిట్సీనిష్" అంటే వైద్యానికి సంబంధించిన ఏదైనా కావచ్చు. గుండె, ఊపిరితిత్తులు, షుగర్ రోగుల సంరక్షణ మీరు చదివారన్న సంగతి అందులో కనపడదు. బ్రాకెట్లోని జెరియాట్రిక్స్ అన్న మాటను కొందరు పేరు పొడుగైపోతోందని వదిలేస్తారు. దాన్ని మాత్రం అస్సలు వదలనివ్వొద్దు. జర్మన్ శిక్షణలో వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణకు విడిగా 400 గంటల ప్రాక్టికల్ ఉంటుంది. మన కోర్సులో అలాంటి పోస్టింగు విడిగా ఉండదు కాబట్టి, మీరు వృద్ధుల సంరక్షణ చదివారని చెప్పే కొద్దిపాటి ఆధారాల్లో ఆ బ్రాకెట్ ఒకటి.

ఇక మీ ఫ్రెండ్స్ చెప్పిన మాట. వాళ్ళ ఉద్దేశం మంచిదే అయినా దానివల్ల నష్టమే జరుగుతుంది. కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్‌ను తీసుకోండి. జర్మన్ శిక్షణలో రోగుల ఇళ్ళకు వెళ్ళి చేసే సంరక్షణకు "అంబులాంటె ఫ్లేగె" అని పేరు, దానికీ 400 గంటలు ఉన్నాయి. మన కమ్యూనిటీని ఆ పేరుతో రాయిస్తే లెక్క సరిపోతుందని అనిపిస్తుంది. కానీ అధికారి సిలబస్ తెరిచి చూస్తే అందులో టీకాలు, కుటుంబ నియంత్రణ, పీహెచ్‌సీ పనులు, ఆరోగ్య సర్వేలు, మధ్యలో హోమ్ విజిట్లు కనపడతాయి. పేరు ఒకటి, లోపల ఇంకొకటి అయితే ఆ ఒక్క సబ్జెక్టుతో పోదు, మొత్తం అనువాదం మీదే అనుమానం వస్తుంది. "గెమైండెనాహె ఫ్లేగె" అని, అంటే ఊరి జనానికి దగ్గరగా చేసే సంరక్షణ అని రాయించి, పక్కన ఒరిజినల్ పేరు ఉంచండి. హోమ్ విజిట్లు ఎన్ని గంటలు చేశారన్నది కాలేజీ ఇచ్చే క్లినికల్ సర్టిఫికెట్‌లో రావాలి. ఇంటి దగ్గరి సంరక్షణకు అసలు ఆధారం అదే.

మిగతా పేర్లలో ప్రమాదమున్నవి కొన్నే. నర్సింగ్ ఫౌండేషన్‌లోని ఫౌండేషన్‌కు డిక్షనరీలో మొదట కనపడే జర్మన్ మాట "ష్టిఫ్టుంగ్". అది ధర్మసంస్థకు వాడే మాట. ఇక్కడ "గ్రుండ్‌లాగెన్ డేర్ ఫ్లేగె" అనాలి, అంటే సంరక్షణ మూలాంశాలు. చైల్డ్ హెల్త్ నర్సింగ్‌కు "పేడియాట్రిషె ఫ్లేగె" సరిపోతుంది. పిల్లల నర్సు అన్నది జర్మనీలో విడిగా ఒక వృత్తి పేరు కాబట్టి ఆ వృత్తి పేరును సబ్జెక్టుకు తగిలించవద్దు. మెంటల్ హెల్త్ నర్సింగ్‌కు "ప్సిషియాట్రిషె ఫ్లేగె" అనొచ్చు, ఇందులో గొడవేమీ లేదు.

మిడ్‌వైఫరీ దగ్గర మాత్రం జాగ్రత్త. మన కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని రెండూ ఉంటాయి. జర్మనీలో మంత్రసాని, అంటే "హేబామె", వేరే చట్టం కింద ఉన్న వేరే వృత్తి. రిజిస్ట్రేషన్ కాగితంలో ఒరిజినల్ హోదాను అలాగే ఉంచి, పక్కన వివరణ రాయించండి. సబ్జెక్టుకు "గెబుర్ట్స్‌హిల్ఫె", అంటే ప్రసూతి సంరక్షణ, అని రాస్తే సరిపోతుంది. మీరు అడుగుతున్నది నర్సు గుర్తింపు కాబట్టి మంత్రసాని గుర్తింపు కూడా అడుగుతున్నట్టు అనిపించకూడదు.

ఫోర్త్ ఇయర్ ఇంటర్న్‌షిప్‌కు "ప్రాక్టికుమ్" అని పెట్టారేమో చూసుకోండి. ఆ మాట తప్పు కాదు, కానీ కొన్ని వారాల పాటు పని చూసి వచ్చే కుర్రవాళ్ళకూ అక్కడ అదే వాడతారు. మీది కోర్సులో భాగంగా, వార్డుల్లో డ్యూటీ వేసి చేయించిన పూర్తిస్థాయి శిక్షణ. "ప్రాక్టిషె ఔస్‌బిల్డుంగ్" అని రాసి పక్కన ఇంటర్న్‌షిప్ అని ఉంచితే ఆ గంటలు ప్రాక్టికల్ లెక్కలో కనపడతాయి.

డిగ్రీ పేరు అసలు అనువదించకూడదు. బ్యాచిలర్ ఆఫ్ సైన్స్ ఇన్ నర్సింగ్ అన్నది అలాగే ఇంగ్లీషులో ఉండి, బ్రాకెట్లో వివరణ రావాలి. ఏజెంట్లు కొందరు దాని బదులు "ఫ్లేగెఫాఖ్‌ఫ్రావ్" అని రాయిస్తారు. 2020 నుంచి అమల్లో ఉన్న నర్సింగ్ చట్టం ప్రకారం అది జర్మనీలో రక్షణ ఉన్న వృత్తి పేరు. మీరు దరఖాస్తు పెట్టేదే ఆ పేరు వాడుకునే అనుమతి కోసం. అది ముందే మీ సర్టిఫికెట్‌లో ఉన్నట్టు అనువాదం చెబితే ఎట్లా? జీఎన్ఎం చేసిన వాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకూ ఒక మాట: మన డిప్లొమాను "డిప్లోమ్" అని రాయించవద్దు. జర్మన్‌లో ఆ మాట ఒకప్పటి యూనివర్సిటీ డిగ్రీ పేరు.

ఇప్పుడు గంటల విషయం. మార్క్స్ మెమోలో గంటలు ఉండవు. అనువాదం ఎంత బాగున్నా లేని గంటలను తీసుకురాలేదు. మీరు చదివిన పాత సిలబస్‌లో మెడికల్ సర్జికల్ ఒకటికి థియరీ 210, ప్రాక్టికల్ 720 గంటలు. మెంటల్ హెల్త్‌కు థియరీ 90, ప్రాక్టికల్ 270. జర్మన్ శిక్షణలో సైకియాట్రీ పోస్టింగుకు 120 గంటలే అడుగుతారు కాబట్టి అక్కడ మీకు లోటు ఉండకూడదు. కానీ ఆ 270 ఒక కాగితం మీద ముద్రతో ఉంటేనే లెక్క. సబ్జెక్టువారీగా గంటలు చూపించే ట్రాన్స్‌క్రిప్ట్, వార్డువారీగా క్లినికల్ పోస్టింగుల సర్టిఫికెట్ కాలేజీ నుంచి, యూనివర్సిటీ నుంచి తీసుకోండి. పోస్టింగు ఎక్కడ చేశారో ఆసుపత్రి పేరు, వార్డు పేరు కూడా రావాలి. రుయాలో మెడికల్ వార్డు, ఏదో పీహెచ్‌సీలో కమ్యూనిటీ అని అలా విడివిడిగా. ఐసీసీయూ, ఓటీ లాంటి పొట్టి పేర్లను కాలేజీతోనే పూర్తిగా రాయించుకుంటే అనువాదకులు ఊహించాల్సిన పని ఉండదు.

కొత్త సెమిస్టర్ పద్ధతిలో, 2021 తర్వాత చేరిన వాళ్ళ మెమోల్లో మార్కుల బదులు గ్రేడ్ పాయింట్లు, క్రెడిట్లు ఉంటాయి. ఆ క్రెడిట్లను యూరప్ క్రెడిట్ల పేరుతో రాయించకూడదు. యూరప్‌లో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. మన నర్సింగ్‌లో థియరీ క్రెడిట్ 20 గంటలు, క్లినికల్ క్రెడిట్ 80 గంటలు. పేరు కలిస్తే క్లినికల్ గంటలు మూడో వంతుకు పడిపోయినట్టు కనపడతాయి. "క్రెడిట్స్" అనే ఉంచి, గంటలు పక్కన చూపించాలి.

మీ బ్యాచ్‌కు ఇంకో చిక్కు ఉంది. మన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్ఆర్ పేరు పెట్టారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. మీ మొదటి మెమోలు ఒక పేరుతో, చివరివి ఇంకో పేరుతో ఉండొచ్చు. జర్మనీలో కూర్చుని చూసేవాళ్ళకు మీరు రెండు యూనివర్సిటీల్లో చదివినట్టు అనిపిస్తుంది. అనువాదకులు రెండు పేర్లనూ ఒకటి చేసి రాయకూడదు, ఏ మెమోలో ఏది ఉంటే అదే రావాలి. పేరు మారిన సంగతి తెలిపే లెటర్ యూనివర్సిటీ నుంచి తీసుకుని దాన్ని కూడా అనువాదం చేయించి ఫైల్లో మొదట పెట్టండి.

ఈ మార్పులన్నీ అనువాదకులకు చెప్పే పద్ధతి ఒకటుంది. అనువాదం చేసేవాళ్ళు జర్మన్ కోర్టు ముందు ప్రమాణం చేసిన వాళ్ళయి ఉండాలని చాలా కార్యాలయాలు అడుగుతాయి. `justiz-dolmetscher.de` లో వెతికితే మీ అనువాదకుల పేరు ఉందో లేదో తెలుస్తుంది. ముద్ర వేసి పూచీ పడేది వాళ్ళు, కాబట్టి ఏ మాట పెట్టాలన్నది చివరికి వాళ్ళ నిర్ణయమే. "ఇది పెట్టండి" అని పట్టుబట్టకుండా, ఒక పేజీలో ఒక పక్క మెమోలోని సబ్జెక్టు పేరు, ఇంకో పక్క అందులో ఏం నేర్పారో రెండు మూడు వాక్యాల్లో ఇంగ్లీషులో రాసి, సిలబస్ పేజీలతో కలిపి పంపండి. నర్సింగ్ తెలియని అనువాదకులకు అది చాలా పనికొస్తుంది. మెడికల్ వార్డు అంటే ఏమిటో తెలిశాక వాళ్ళే సరైన మాట ఎంచుకుంటారు. అనుమానం ఉన్న చోట ఒరిజినల్ మాట ఉంచి, కింద అనువాదకుల వివరణగా ఒక లైను రాయమని అడగండి. దానికి వాళ్ళకు అధికారం ఉంది.

స్టాంపు పడ్డాక ఒక్క అక్షరం మార్చాలన్నా ఆ కాగితం మళ్ళీ తయారు చేయాలి, మళ్ళీ డబ్బు కూడా అడగొచ్చు. అందుకే ఈ రోజే డ్రాఫ్టు ముందేసుకుని కూర్చోండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఉందా చూడండి. మన మెమోల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, దాన్ని అనువాదంలో సొంతంగా విడదీసి రాయకూడదు. తేడా ఉంటే కింద వివరణ రావాలి. జర్మన్‌లో దశాంశానికి చుక్క కాదు, కామా పెడతారు. 68.5 అన్నది 68,5 అవుతుంది, దాన్ని చూసి తప్పనుకోకండి. అంకెల కోసం ఇంట్లో ఒకరిని మెమో పట్టుకుని పైకి చదవమనండి, మీరు డ్రాఫ్టులో వేలు పెట్టి చూడండి. సప్లిమెంటరీ రాసిన పేపరు ఏదైనా ఉంటే రెండు ప్రయత్నాలూ, రెండు తేదీలూ వచ్చాయో లేదో ప్రత్యేకంగా చూడండి. ఫెయిలైన మెమోను దాచేస్తే తేదీల మధ్య ఖాళీ కనపడుతుంది, ఆ ఖాళీ గురించి ప్రశ్న వస్తుంది. సప్లిమెంటరీలో పాసైనంత మాత్రాన మాత్రం గుర్తింపు ఆగదు.